దూడ కాలేయంలో చీముగడ్డలు: మూలం బొడ్డులో ఉందేమో చూడండి

ప్రశ్న: హోసకోటె దగ్గర నాకు ఆరు ఆవులున్నాయి. 18 రోజుల పెయ్యదూడ మూడు రోజులు పాలు సరిగా తాగక, రాత్రి చనిపోయింది. మర్నాడు మధ్యాహ్నం డాక్టరుగారు కోసి చూశారు. కాలేయంలో చీముగడ్డలు, ఊపిరితిత్తుల్లో అక్కడక్కడా చిన్న చీముపొక్కులు, ఎడమ ఊపిరితిత్తి ముదురు ఎరుపు, పేగులు ఎర్రబడి ఉబ్బాయి అని రాశారు. ఎవరైనా విషం పెట్టారా? ఇంకో రెండు దూడలున్నాయి.

జవాబు: విషం చీముగడ్డలను పుట్టించదు. పైగా చుట్టూ గట్టి పొర కట్టిన గడ్డ రెండు మూడు రోజుల్లో తయారయ్యేది కాదు. అంటే దూడ పాలు మానేసేనాటికే జబ్బు ముదిరి ఉంది.

నా అనుమానం బొడ్డు మీద. తల్లి కడుపులో ఉన్నప్పుడు బొడ్డు సిర నేరుగా కాలేయానికి వెళుతుంది. పుట్టాక అది మూసుకుపోవాలి. ఈలోగా తడి బొడ్డు పేడలో ఆనితే సూక్ష్మజీవులకు అదే దారి. కాలేయం నుంచి రక్తం గుండె కుడి భాగానికి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు పోతుంది కాబట్టి పొక్కులు ఒకచోట కాక చెదురుమదురుగా కనిపిస్తాయి. పాలు పొరబోయి వచ్చే న్యుమోనియా అయితే ఊపిరితిత్తుల ముందువైపు అడుగు భాగం కాలేయంలా గట్టిపడుతుంది. ఆ ముక్కను నీళ్లలో వేస్తే మునుగుతుంది.

ఎడమవైపు ఎరుపు సంగతి వేరు. దూడ ఎడమవైపు పడి చనిపోయి ఉంటే రక్తం కిందికి దిగి ఆ రంగు వస్తుంది. ముక్క మెత్తగా ఉండి నీళ్లలో తేలితే ఆ ఎరుపును పక్కన పెట్టేయవచ్చు. పేగులనూ అంతగా నమ్మను. శరీరంలో అన్నిటికన్నా ముందు కుళ్లేవి అవే. సగం రోజు గడిస్తే ఆరోగ్యమైన పేగు కూడా ఎర్రబడి గాలితో ఉబ్బుతుంది. చివరి రోజుల్లో పారుడు ఉందా అన్నది మీరే చెప్పగలరు, పేగు చెప్పలేదు.

డాక్టరుగారిని ఒక్క మాట అడగండి: బొడ్డు సిరను కాలేయం దాకా చీల్చి చూశారా? అది బొటనవేలంత లావై, కోస్తే చీము వస్తే కథ తేలిపోయినట్టే. చాలాసార్లు పొట్ట మధ్యగా కోసేటప్పుడు బొడ్డు చర్మంతోపాటు పక్కకు పోతుంది, ఎవరూ చూడరు. మోకాళ్ల కీళ్లలో చీము ఉన్నా అదే చెబుతుంది. ఏ సూక్ష్మజీవి అన్నది మాత్రం కంటితో తెలియదు. ఇకపై ఇలా జరిగితే కాలేయం ముక్కను ఫార్మలిన్‌లో వేయకుండా, ఐసు మీద పెట్టి హెబ్బాళ పశువైద్య కళాశాలకు పంపమనండి. ఫార్మలిన్‌లో సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

మిగిలిన దూడల బొడ్డును ఇవాళే రెండు వేళ్లతో తడమండి. లోపల తాడులా లావుగా, వేడిగా తగిలినా, ముట్టుకుంటే దూడ ముడుచుకున్నా, జ్వరం 103 డిగ్రీలు దాటినా రేపటిదాకా ఆగకుండా డాక్టరును పిలవండి. ఈసారి ఆవు ఈనగానే బొడ్డును 7 శాతం టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. 25 కిలోల దూడకు మొదటి కొన్ని గంటల్లోనే రెండున్నర లీటర్ల జున్నుపాలు పట్టండి.