సరిహద్దు పల్లెల్లో మూడో జిన్నింగు మిల్లు నడుస్తుందా?

ప్రశ్న: "మాది నాందేడ్ జిల్లా, తెలంగాణ సరిహద్దు. చుట్టూ పత్తి బాగానే పండుతుంది కానీ మాకు దగ్గర్లో జిన్నింగు మిల్లులు రెండే. రెండూ లాభంలో ఉన్నాయంటున్నారు. మూడోది పెడితే నడవదా? 12 జిన్నులతో చిన్నగా మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవచ్చు కదా? ఆదిలాబాద్‌లో అన్ని మిల్లులు బతుకుతుంటే ఇక్కడ రెండే ఎందుకు?"

జవాబు:

మేం సరిగ్గా 12 జిన్నులతోనే మొదలుపెట్టాం. కిన్వట్ వైపు, మా బాపు, చిన్నాయన, నేను కలిసి. మూడు సీజన్లు నడిపి మూసేశాం. అందుకని ముందు ఆ 12 జిన్నుల సంగతే చెప్తాను, మిగతా రెండు ప్రశ్నలకూ జవాబు అక్కడి నుంచే వస్తుంది.

మిల్లులో ముఖ్యమైన యంత్రాలు రెండు. డబుల్ రోలర్ జిన్ను పత్తిలోంచి గింజను విడదీసి దూది తీస్తుంది. ప్రెస్సు ఆ దూదిని అణిచి 170 కిలోల బేలు కడుతుంది. జిన్నులు ఆరు కావాలంటే ఆరు, ఇరవై కావాలంటే ఇరవై కొనుక్కోవచ్చు. ప్రెస్సును మాత్రం సగం కొనలేం. ఒక జిన్ను గంటకు 50 కిలోల దూది తీస్తుందనుకోండి. 12 జిన్నులకు 600 కిలోలు, అంటే మూడున్నర బేళ్లు. ప్రెస్సేమో గంటకు 14 నుంచి 15 బేళ్లు కట్టగలదు. మన దూది దానికి చాలదు, గంటలో నలభై అయిదు నిమిషాలు ఊరికే నిలబడి ఉంటుంది. దాని మీద తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం అరవై నిమిషాలూ నడుస్తుంది.

ఈ లెక్క మాకూ తెలుసు. అందుకే ప్రెస్సు కొనలేదు. దూదిని బోరాల్లో కుక్కి 18 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంకో మిల్లులో ప్రెస్సింగుకు పంపేవాళ్లం. నవంబరులో బాగానే నడిచింది. జనవరి వచ్చేసరికి ఆ మిల్లుకు తన దూదే చేతినిండా ఉంది, మాది వెనకబడింది. చిన్నాయన రోజూ పొద్దున్నే బండి తీసుకుని వెళ్లేవాడు. సాయంత్రం తిరిగొచ్చి, "అన్నా, మనది రేపు గాదంట, ఎల్లుండి సూద్దామంటున్రు" అనేవాడు. షెడ్డులో బోరాలు పైకప్పు దాకా లేచాయి. దూదిలో నిప్పు రాజుకుంటే పైకి మంట కనిపించదు, లోపల్లోపలే కాలుతుంది. అందుకని రాత్రిళ్లు వంతులవారీగా లేచి బోరాల మధ్య చెయ్యి పెట్టి వేడి ఉందేమో చూసుకునేవాళ్లం. నిప్పు ఎప్పుడూ అంటుకోలేదు. దెబ్బ ఇంకో వైపు నుంచి తగిలింది. బోరా గోనెపోగులు, కుట్టిన సుతిలి ముక్కలు దూదికి అంటుకునేవి. స్పిన్నింగు మిల్లు వాళ్లు శాంపిల్ విప్పి ఆ పోగులు ఏరి బల్ల మీద పెట్టి, ఒక్కో బేలు మీద ధర కోసేవారు. జిన్నులోంచి దూది నేరుగా ప్రెస్సులోకి వెళ్లే మిల్లుకు ఈ బాధ లేదు. 2000లో కేంద్రం టెక్నాలజీ మిషన్ ఆన్ కాటన్ మొదలుపెట్టి జిన్నింగు మిల్లులను బాగుచేయించడానికి ఒక కారణం ఈ చెత్తే.

పెద్ద మిల్లుకు పడే ఖర్చు ఎంతో తర్వాత కూర్చుని లెక్కేశాను. కింది అంకెలన్నీ నా నోటుబుక్కులోవి, రౌండు చేసినవి. మీ దగ్గర ధరలు వేరుగా ఉంటాయి కాబట్టి లెక్క నడిచే తీరు పట్టుకోండి, అంకెలు మీవి వేసుకోండి.

24 జిన్నులు, ఒక ప్రెస్సు, కాంటా, షెడ్లు, నీళ్ల ట్యాంకు, ఏడాది పొడవునా ఉండే మనుషులు, కరెంటు ఫిక్స్‌డ్ చార్జీ, ఇన్సూరెన్సు, వడ్డీ, అరుగుదల అన్నీ కలిపి ఏడాదికి 84 లక్షలు. మిల్లు తిరిగినా తిరగకపోయినా ఇది తప్పదు. దీని పైన ప్రతి బేలుకూ హమాలీ, కరెంటు, కట్టే బట్ట, తీగ కలిపి 500. క్వింటాల్ పత్తికి 34 కిలోల దూది వస్తుంది కాబట్టి ఒక బేలుకు 5 క్వింటాళ్ల పత్తి కావాలి. 24 జిన్నులు రోజుకు 20 గంటలు తిరిగితే 140 బేళ్లు, వంద రోజుల సీజనుకు 14,000. అప్పుడు ఒక్కో బేలు మీద తప్పని ఖర్చు 600, పైఖర్చు 500, మొత్తం 1,100. పత్తి సగమే వచ్చి 7,000 బేళ్లే కడితే అదే మిల్లులో బేలుకు 1,700 పడుతుంది.

మరి 48 జిన్నులు పెట్టి 28,000 బేళ్లు కడితే? ప్రెస్సు అదే, కాంటా అదే, మునీము అతనే. జిన్నులు, షెడ్లు, వడ్డీ పెరిగి తప్పని ఖర్చు 1 కోటీ 40 లక్షలకు చేరుతుంది. బేలుకు 1,000. అంటే 7,000 నుంచి 14,000కు వెళ్తే 600 మిగిలింది, అక్కడి నుంచి మళ్లీ రెట్టింపు చేస్తే మిగిలింది వందే. ఖర్చు గబగబా దిగి ఇక దిగడం మానేసే ఆ చోటునే మినిమం ఎఫిషియెంట్ స్కేల్ అంటారు. నా లెక్కలో అది 14,000 బేళ్ల దగ్గర ఉంది. మా 12 జిన్నుల మిల్లు దానికి చాలా కింద ఉండిపోయింది. మెల్లగా పెంచుదాం అనుకున్నాం కానీ, పెంచడానికి కావలసిన డబ్బు ఆ చిన్న సైజులో మిగలనే లేదు.

ఆ వంద రూపాయల కోసం ఇంకా పెద్దది కట్టకపోవడానికి కారణం దారి ఖర్చు. విడి పత్తి బరువు తక్కువ, చోటు ఎక్కువ తింటుంది. ట్రాక్టర్ ట్రాలీ నిండా నింపితే 25 క్వింటాళ్లు, అంటే అయిదు బేళ్ల సరుకు. 20 కిలోమీటర్లకు కిరాయి 1,500 అయితే బేలుకు 300 పడింది. 40 కిలోమీటర్లకు 2,500 అయితే 500. మిల్లును రెట్టింపు చేసి వంద మిగుల్చుకుని, దాన్ని నింపడానికి దూరపు పత్తి తెచ్చి రెండొందలు పోగొట్టుకున్నట్టవుతుంది. బేలు కట్టాక మాత్రం ఎంత దూరమైనా పోతుంది. అందుకే స్పిన్నింగు మిల్లు వేరే రాష్ట్రంలో ఉన్నా ఫరవాలేదు గానీ జిన్నింగు మిల్లు చేను దగ్గర ఉండాలి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. మీ చుట్టూ 20 కిలోమీటర్లలో 30,000 ఎకరాల పత్తి ఉందనుకోండి, ఎకరాకు 5 క్వింటాళ్లు. లక్షన్నర క్వింటాళ్లు. అందులో మూడో వంతుకు కాస్త తక్కువ బయటికి పోతుందనుకుంటే మీ దగ్గర ఆడేది 1,05,000 క్వింటాళ్లు, 21,000 బేళ్లు. దాన్ని 14,000తో భాగించండి. ఒకటిన్నర. ఒకటిన్నర మిల్లు ఎవరూ కట్టలేరు కాబట్టి రెండున్నాయి. రెండూ చెరి 10,500 బేళ్లు కడుతుంటే బేలుకు 1,300 ఖర్చు. దూది, గింజల అమ్మకంలోంచి పత్తి కొన్న ధర తీసేస్తే బేలుకు 1,500 మిగులుతుందనుకుంటే ఒక్కో మిల్లుకు ఏడాదికి 21 లక్షల లాభం. మీ చెవిన పడిన లాభం ఇదే.

మేం మోసపోయిందీ ఇక్కడే. వాళ్లకు 21 లక్షలు వస్తోంది, మనకూ వస్తుంది అనుకున్నాం. కానీ మూడోవాడు దిగిన రోజు పత్తి పెరగదు, పంచుకునేవాళ్లు పెరుగుతారు. 21,000ను మూడుతో భాగిస్తే తలా 7,000. ఖర్చు 1,700, మిగులు 1,500. ముగ్గురికీ బేలుకు 200 నష్టం. ఇది కూడా తక్కువ చెప్పినట్టే. నిజానికి 1,500 కూడా నిలవదు. ముగ్గురూ ట్రాలీలను తమ గేటు వైపు తిప్పుకోవడానికి క్వింటాల్‌కు 20, 30 ఎక్కువ పెడతారు. క్వింటాల్‌కు 20 అంటే బేలుకు వంద పోయినట్టే. ఆ ఏడు రైతుకు మేలే, నేను కాదనను. కొత్త మిల్లు పెట్టేవాడు మాత్రం తను దిగాక తన వాటాకు వచ్చే పత్తితో లెక్క వేసుకోవాలి, దిగకముందు పక్కవాడు కడుతున్న బేళ్లతో కాదు.

నష్టం వస్తే ఎవరో ఒకరు మూసేస్తారుగా అనుకుంటారు. అంత తొందరగా మూయరు. షెడ్డు, పునాది, ప్రెస్సు గుంట మీద పెట్టిన డబ్బు తిరిగి రాదు. బేలుకు 500 పైఖర్చు కన్నా ఒక్క రూపాయి ఎక్కువ వచ్చినా, మూయడం కంటే నడపడమే తక్కువ నష్టం. అలా ముగ్గురూ నాలుగైదేళ్లు ఈడుస్తారు, ఎవరి అప్పు ముందు ముదిరితే వాళ్లు పోతారు. మా దగ్గర ముందు పోయింది మేమే. జిన్నులు తుక్కు కన్నా కాస్త ఎక్కువ ధరకు పోయాయి. షెడ్డు ఇప్పటికీ ఉంది, సోయా బస్తాలు పెట్టుకోవడానికి కిరాయికి ఇచ్చాం.

ఆదిలాబాద్ సంగతికొస్తే, అక్కడి మిల్లులు తక్కువ పత్తితో బతుకుతున్నాయని కాదు, అక్కడికి చేరే పత్తే ఎక్కువ. చుట్టుపక్కల మండలాలదీ, సరిహద్దు ఇవతలిదీ ఆ మార్కెట్ యార్డుకే వెళ్తుంది. భాగించే అంకె పెద్దదైతే మిల్లులు ఎక్కువ పడతాయి. మార్కెట్టు హద్దు తాలూకా పటంలో ఉండదు. మహారాష్ట్రలో 1972లో ప్రభుత్వమే పత్తి అంతా కొనే ఏకాధికార పథకం పెట్టారు. అది నడిచిన రోజుల్లో అవతల ధర బాగుంటే పత్తి సరిహద్దు దాటేది. అందుకే పై లెక్కలో మూడో వంతు బయటికి పోతుందన్నాను. అవతల ధర పెరిగిన ఏడు అది సగం కూడా కావచ్చు, అప్పుడు రెండు మిల్లులకే చాలదు.

మిల్లు సైజు సరైనదో కాదో కాగితం లెక్క ఒక్కటే నమ్మొద్దు. జార్జ్ స్టిగ్లర్ అనే ఆర్థికవేత్త 1958లో ఒక సులువైన దారి చెప్పాడు: ఏ సైజు వాళ్లు ఏళ్ల తరబడి నిలబడుతున్నారో, ఏ సైజు వాళ్ల వాటా తగ్గిపోతోందో చూడమని. మీ వైపు పదిహేనేళ్లలో మూతపడ్డ జిన్నింగు మిల్లుల పేర్లు రాసి, ఒక్కోదానికి ఎన్ని జిన్నులు, ప్రెస్సు ఉందా లేదా అని పక్కన రాయండి. కొన్ని అన్నదమ్ముల గొడవల వల్ల మూతపడి ఉంటాయి, వాటిని పక్కన పెట్టండి.

తర్వాత బాజార్ సమితిలో, ఏ ఏడు మార్కెట్టుకు ఎంత పత్తి వచ్చిందో అయిదేళ్ల అంకెలు తీసుకోండి. ఒక్క మంచి ఏడాది చూసి మురిసిపోకండి, వానలు లేని ఏడాది అంకెతోనే భాగించండి. ఆ తర్వాత జనవరి రెండో వారంలో ఓ రాత్రి పదకొండింటికి ఆ రెండు మిల్లుల ముందుకు వెళ్లి నిలబడండి. జిన్నులు ఆగిపోయి ఉంటే వాళ్లకే పత్తి చాలడం లేదని అర్థం. రెండింట్లోనూ జిన్నులు తిరుగుతూ, గేటు బయట ట్రాలీలు రోడ్డు మీద వరుసకట్టి, రైతులు చలిమంట వేసుకుని రెండో రాత్రి కూడా కాంటా కోసం కాచుకుని ఉంటే, అప్పుడు నాకు చెప్పండి, ప్రెస్సు కొటేషన్లు కలిసి చూద్దాం.