పంప్ నడుస్తూనే ఉంది, షుగర్ మాత్రం 320!

ప్రశ్న: మా పాపకు పద్నాలుగేళ్లు, టైప్ 1. నెల కిందట ఇన్సులిన్ పంప్ పెట్టించాం. మొన్న పొద్దున 8కి టిఫిన్‌కు సరిపడా ఇన్సులిన్ డోసు, అంటే బోలస్, పంప్‌తో ఇచ్చుకుంది. 11కి బడిలో చూస్తే షుగర్ 320. పంప్ ఏ అలారమూ కొట్టలేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలండీ?
– ఒక తల్లి, కావలి

జవాబు: పంప్‌కు తన మోటారు ఎంత ఇన్సులిన్ తోసిందో తెలుస్తుంది గానీ, అది ఒంట్లోకి చేరిందో లేదో తెలియదు. చర్మం కింద ఉండే సన్నని గొట్టం, అంటే క్యానులా, మడతపడితే ఒత్తిడి పెరిగి అలారం రావాలి. కానీ రోజంతా కొద్దికొద్దిగా వెళ్లే బేసల్ ఇన్సులిన్ రేటు గంటకు 0.8 యూనిట్లే అయితే అందుకు గంటలు పట్టొచ్చు. క్యానులా ఊడి బయటికి కారిపోతుంటే అసలు అలారమే రాకపోవచ్చు. మన ఎండలకు, చెమటకు ప్లాస్టర్ ఊడటం మామూలే కాబట్టి ముందు అక్కడ తడి, ఘాటైన మందు వాసన ఉన్నాయేమో చూడండి.

పంప్‌లో ఉండేది త్వరగా పనిచేసి త్వరగా అయిపోయే ఇన్సులినే. సరఫరా ఆగిన కొన్ని గంటల్లోనే ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు తయారవడం మొదలవుతుంది. అందుకే షుగర్ 250 దాటి, కారణం తెలియకపోతే వెంటనే కీటోన్లు చూడాలి. కీటోన్లు లేకపోతే పంప్‌తోనే ఒక్కసారి షుగర్ తగ్గించే కరెక్షన్ డోసు ఇచ్చి, గంట తర్వాత మళ్లీ చూడండి. తగ్గకపోయినా, మొదటే రక్తంలో కీటోన్లు 0.6 దాటినా పంప్‌ను నమ్మొద్దు. కరెక్షన్ ఇన్సులిన్ పెన్నుతో వేసి, క్యానులా, ట్యూబు, రిజర్వాయర్ మూడూ కొత్తవి పెట్టి, చోటు మార్చండి.

చిక్కు లెక్కలో ఉంది. ఒక యూనిట్ 50 తగ్గిస్తుందని, లక్ష్యం 120 అని డాక్టర్ పెట్టారనుకుందాం. 320కి కావాల్సింది 4 యూనిట్లు. కానీ పొద్దుటి బోలస్‌లో ఇంకా 2 మిగిలాయనుకుని పంప్ 2 చాలంటుంది. తెరమీద Active Insulin అని కనబడేది ఆ లెక్కే. బోలస్ కారిపోయి ఉంటే ఆ 2 ఒంట్లో లేనట్టే. అయితే కొంత చేరి కూడా ఉండొచ్చు. పూర్తి 4 వేయాలా అన్నది డాక్టర్‌ను ఫోన్లో అడగండి. కీటోన్లు 1.5 దాటితే ఫోన్ తప్పనిసరి. 3 దాటినా, వాంతులవుతున్నా నేరుగా ఆసుపత్రికే.

పంపే పాడైతే బేసల్‌ను దీర్ఘకాల ఇన్సులిన్‌తో భర్తీ చేస్తారు. 0.8 చొప్పున 24 గంటలకు సుమారు 19 యూనిట్లు. మోతాదు డాక్టర్‌తో ముందే రాయించి ఉంచండి. తిండికి పెన్ను, పాత నిష్పత్తిలోనే. పంప్ తిరిగొచ్చాక ఆ ఇంజెక్షన్ ప్రభావం తగ్గేదాకా బేసల్ నడపొద్దు, రెండూ కలిస్తే షుగర్ పడిపోతుంది.

సిరంజి మీద కూడా కన్నేసి ఉంచండి. పంప్ ఇన్సులిన్ మిల్లీకి 100 యూనిట్లది. మన మందుల షాపుల్లో 40 యూనిట్ల ఎర్రమూత సిరంజీలూ దొరుకుతాయి. వాటితో 4 గీత దాకా లాగితే పడేది 10 యూనిట్లు. బడి సంచీలో 100 యూనిట్ల నారింజ మూతవి లేదా పెన్ను మాత్రమే పెట్టండి.