టమాటా రేటు పడిపోయినప్పుడు ఎండబెట్టి పౌడర్ చేస్తే గిట్టుబాటు అవుతుందా?

"చేవెళ్ల దగ్గర మాకు ఎకరంన్నర టమాటా ఉంది. ఫిబ్రవరి, మార్చిలో కిలో ఐదు రూపాయలకి కూడా అడిగేవాడు ఉండడు, బాక్సుల కిరాయి కూడా రాదు. డ్రయ్యర్ కొని పౌడర్ చేసి అమ్మితే మార్జిన్ ఉంటుందా? చేస్తున్నవాళ్లు ఎవరైనా చెప్పండి."

నేను శంకర్‌పల్లి సైడ్ చిన్న యూనిట్ నడుపుతున్నా బ్రదర్, టమాటా, కరివేపాకు రెండూ ఎండబెడతాం. ఆన్‌లైన్‌లో పౌడర్ రేటు చూసి మొదలుపెట్టకండి, ముందు నీళ్ల లెక్క వేసుకోండి. టమాటాలో నూటికి 94 పాళ్లు నీళ్లే. అంటే మీరు కొనే డ్రయ్యర్ చేసే పని మొత్తం నీళ్లు ఎగరగొట్టడమే, ఖర్చంతా అక్కడే పోతుంది.

వంద కిలోలు తీసుకుందాం. మెత్తబడ్డవి, పచ్చివి, తొడిమ దగ్గర కోసేసింది తీస్తే 92 కిలోలు మిగులుతాయి, అవి ఎండితే చేతికొచ్చేది 5 కిలోల అటూఇటూ. కరెంట్ ట్రే డ్రయ్యర్‌లో కిలో నీళ్లు పోవాలంటే యూనిట్ పైనే కాలుతుంది, మా దాంట్లో అయితే వంద కిలోల లోడుకి 105 యూనిట్ల దాకా వస్తుంది, అంటే ఓ 900 రూపాయలు. కడిగి, కోసి, ట్రేల్లో పేర్చడానికి ఇద్దరు ఆడవాళ్లకి ఒకరోజు కూలి 1000. టమాటాకి కిలో 5 చొప్పున 500 వేసుకోండి, మీ పొలందే అయినా సరే వేసుకోవాలి, ఎందుకంటే మార్కెట్‌కి తీసుకెళ్తే ఎంతోకొంత వచ్చేది కదా. గ్రైండింగ్, కవర్లు 200. మొత్తం 2600, అంటే కిలో పొడి మీకే 520 పడుతుంది. అదే సోలార్ డ్రయ్యర్ అయితే ఆ 900 పోయి 340కి దిగుతుంది (డ్రయ్యర్ పెట్టుబడి, దాని వడ్డీ ఇందులో లేదు, అది వేరే).

ఇంకో మాట, తాజా టమాటా కిలోకి ఒక్క రూపాయి పెరిగితే పొడి కిలోకి 20 రూపాయలు పెరుగుతుంది. అందుకే రేటు పడ్డప్పుడే ఎండబెట్టాలి, 15, 20 రూపాయలు పలికేటప్పుడు మారుమాట లేకుండా బోయిన్‌పల్లికో రైతుబజార్‌కో పంపేయండి. మన దగ్గర కలిసొచ్చేది ఏంటంటే సరకు పొంగిపొర్లే ఫిబ్రవరి, మార్చిలోనే ఎండ బాగుంటుంది, గాలి పొడిగా ఉంటుంది, కాబట్టి మీ కేసుకి సోలారే కరెక్ట్. పొలంలో ఫ్రీ కరెంట్ ఉంది కదా దానికి తగిలిద్దాం అనుకోకండి, అది మోటార్లకి మాత్రమే, డ్రయ్యర్‌కి వేరే మీటర్ తీసుకోవాల్సిందే.

ఎండబెట్టడంలో చాలామంది తొందరపడి చెడగొట్టుకుంటారు. త్వరగా అయిపోతుందని మొదట్లోనే 75, 80 డిగ్రీలు పెడితే ముక్క పైన తోలులా బిగుసుకుపోయి లోపల తడి ఇరుక్కుపోతుంది, పైకి ఎండినట్టే కనిపిస్తుంది, డబ్బాలో పోశాక పదిరోజుల్లో బూజు. 55 నుంచి 60 మధ్యే ఉంచండి, ముక్క 6, 7 మిల్లీమీటర్ల మందం, అన్నీ ఒకే మందం ఉండాలి, ట్రేలో ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, మధ్యలో ట్రేలు పైవి కిందికి కిందివి పైకి మార్చాలి. గుజ్జు ఎక్కువున్న గట్టి హైబ్రిడ్ కాయ అయితే పని సులువు, రసం కారే నాటు కాయ ట్రేకి అంటుకుపోయి ప్రాణం తీస్తుంది.

ఎండిందా లేదా వేడి మీద చూడొద్దు, వేడిగా ఉన్నప్పుడు బాగా ఎండిన ముక్క కూడా వంగుతుంది. బయటికి తీసి పది నిమిషాలు చల్లారనిచ్చి విరవండి, టప్‌మని విరగాలి, వంగితే మళ్లీ లోపల పెట్టండి. తర్వాత కొన్ని ముక్కలు గాజు సీసాలో వేసి మూత బిగించి రెండు మూడు రోజులు గమనించండి, అద్దానికి లోపలివైపు చెమట పట్టినా, ముక్కలు ఒకదానికొకటి అతుక్కున్నా ఆ బ్యాచ్ ఇంకా ఎండలేదని అర్థం. రంగు ఇటుక ఎరుపు ఉండాలి, నల్లబడితే వేడి ఎక్కువైంది, దాన్ని నలుగురికి అమ్మి పేరు పోగొట్టుకోకండి.

అసలు తలనొప్పి పౌడర్ దగ్గర. టమాటాలో చక్కెరలు ఉంటాయి, పొడి చేశాక గాలిలో తేమ పట్టుకుని రాయిలా గడ్డ కడుతుంది. పొడి పట్టే పల్వరైజర్ మిషన్ వేడెక్కితే లోపలే జిగురై జల్లెడ మూసుకుపోతుంది. కాబట్టి స్టాక్ ముక్కల రూపంలోనే పెట్టుకోండి, లోపల అల్యూమినియం పొర ఉన్న కవర్లలో, ఫుడ్ గ్రేడ్ సిలికా పొట్లం వేసి. ఆర్డర్ వచ్చినప్పుడు కొంచెం కొంచెంగా, మధ్యలో మిషన్ చల్లారనిస్తూ పట్టించండి. జూన్ నుంచి వానల్లో అయితే ఏసీ గదిలో తప్ప గ్రైండింగ్ పెట్టుకోకపోవడమే మేలు.

ఇక అమ్మకం. బేగంబజార్‌కి తీసుకెళ్తే మీ రేటు వినరు, ఎందుకంటే అక్కడ ఫ్యాక్టరీ స్ప్రే డ్రై పౌడర్ ఉంటుంది, దాంట్లో మామూలుగా మాల్టోడెక్స్ట్రిన్ అనే చవక పిండి పదార్థం కలిసి ఉంటుంది కాబట్టి చవక, గడ్డ కూడా కట్టదు. 520కి చేసి దాంతో పోటీ పడలేం. మాకు డబ్బు మిగిలింది చారు పొడిలో. కిలో చారు పొడిలో టమాటా 250 గ్రాములే, మిగతాది వేయించిన కందిపప్పు, ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఎండుమిర్చి, ఉప్పు, ఇంగువ. టమాటా 85 రూపాయలు, మిగతా సరుకు 150, వంద గ్రాముల కవర్లు పది, వాటికి 50, మొత్తం 285. వంద గ్రాములు 60కి అమ్మినా కిలోకి 600 వస్తుంది, షాపువాడి కమీషన్ పోయినా మిగులు కనిపిస్తుంది. పైగా పప్పు పొడి ఉండడం వల్ల గడ్డ కట్టడం కూడా బాగా తగ్గుతుంది, కాకపోతే పప్పు పూర్తిగా చల్లారాకే కలపాలి, గోరువెచ్చగా కలిపితే ఆ ఆవిరే చాలు మొత్తం పాడవడానికి.

కొనేవాళ్లు ఎక్కువగా హాస్టల్ పిల్లల అమ్మలు, అమెరికా వెళ్లే పిల్లలకి సూట్‌కేస్ సర్దేవాళ్లు. జులై, ఆగస్టులో కూకట్‌పల్లి, మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో పెడితే చాలు, అడిగి మరీ తీసుకుంటారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ మాత్రం ఫస్ట్ ప్యాకెట్ అమ్మకముందే చేయించండి, లేబుల్ మీద ఆ నంబర్, తయారీ తేదీ, కలిపినవన్నీ రాయాలి.

డ్రయ్యర్ విషయానికొస్తే, చిన్న ఫుడ్ యూనిట్లకి ఉన్న కేంద్రం స్కీమ్ పీఎంఎఫ్ఎంఈలో 35 శాతం సబ్సిడీ అని చెప్పి పెద్ద మిషన్ అంటగట్టే ఏజెంట్లు తిరుగుతుంటారు, ఆ సబ్సిడీ బ్యాంకు లోన్‌తో ముడిపడి ఉంటుంది, ఈఎంఐ మాత్రం ఏడాది పొడుగునా కట్టాలి, మీ టమాటా రెండు నెలలే. ఎకరంన్నరకి 100 కిలోలు పట్టే సోలార్ డ్రయ్యర్ చాలు, పంట మొత్తం అందులో ఎండదు, ఎండాల్సిన పనీ లేదు, సైజు రాక బాక్సులోంచి తీసేసే కాయ దానికి సరిపోతుంది. మిగతా పది నెలలు డ్రయ్యర్ ఖాళీగా పెట్టకుండా అందులో కరివేపాకు ఎండబెట్టండి. రెమ్మలతో వంద కిలోలు తెస్తే ఆకు 60 కిలోలు, ఎండితే 20 కిలోల దాకా వస్తుంది, టమాటాకి నాలుగింతలు. గడ్డ కట్టే గోల కూడా లేదు, కానీ నేరుగా ఎండ తగిలితే ఆకుపచ్చ పోయి గడ్డి రంగు వస్తుంది, డ్రయ్యర్ మీద షేడ్ నెట్ వేసి ఎండబెట్టండి.