మిర్యాలగూడలో కారు, డల్లాస్‌లో నువ్వు: సర్వీస్ పట్టిక ఎట్లా రాసుకోవాలి

ఇక్కడికి కొత్తగా వచ్చిన మన నల్లగొండ తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, కారు ఇంట్లోనే వదిలి వచ్చిన, నాన్న అప్పుడప్పుడు తీస్తడు, పదివేల కిలోమీటర్లు తిరగలేదు కదా సర్వీస్ ఎందుకంటున్నడు, నిజమేనా?" నిజం కాదు తమ్ముడూ. కారు మాన్యువల్‌లో సర్వీస్ గడువు రెండు రకాలుగా ఉంటుంది, ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందొస్తే అది. ఇంటి దగ్గర నిలబడే కారుకు ఎప్పుడూ నెలలే ముందొస్తాయి.

లెక్క చూడు. పోయినసారి ఆయిల్ మార్చినప్పుడు మీటర్ 41,200, ఏడాది తర్వాత 43,600 అనుకుందాం. అంటే నెలకు 200 కిలోమీటర్లు. మిగతా 7,600 తిరగడానికి ఇంకా మూడేళ్ల పైనే పడుతుంది, అన్నాళ్లు ఇంజిన్‌లో అదే పాత ఆయిల్. పైగా కూరగాయల మార్కెట్ దాకా పోయి వచ్చే ప్రయాణాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, తేమ, కాలని పెట్రోల్ ఆవిరి ఆయిల్‌లోనే కలిసి ఉండిపోతాయి. ఆయిల్ పోసే మూత తీస్తే లోపల మీగడలాంటి జిగురు కనిపిస్తే తేమ చేరిందన్నట్టే. కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం అది వేరే జబ్బు, వెంటనే మెకానిక్‌కు చూపించాలి.

ఇక పట్టిక. చాలామంది ఒక బిల్లుకు ఒక వరుస రాస్తారు: "జనరల్ సర్వీస్, 4,050 రూపాయలు". అది ఖర్చు లెక్కకు తప్ప దేనికీ పనికిరాదు, ఎందుకంటే ఆ రోజు చేసిన ఒక్కో పనికి గడువు ఒక్కో రకం. అందుకే బిల్లుకు కాదు, పనికి ఒక వరుస రాయి. ఉదాహరణకు ఇట్లా:

| తేదీ | కి.మీ. | చేసిన పని | ఖర్చు | తర్వాత తేదీ | తర్వాత కి.మీ. |
|---|---|---|---|---|---|
| 12-06-2023 | 41,200 | ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ | 2,900 | 12-06-2024 | 51,200 |
| 12-06-2023 | 41,200 | బ్రేక్ ఫ్లూయిడ్ | 700 | 12-06-2025 | 81,200 |
| 12-06-2023 | 41,200 | ఎయిర్ ఫిల్టర్ | 450 | 12-12-2023 | 46,200 |

ఈ గడువులు నమూనాకు మాత్రమే, నీ కారువి మాన్యువల్‌లో చూసి వేసుకో. ఎయిర్ ఫిల్టర్‌కు నేను ఆరు నెలలే పెట్టాను, అది మార్చడానికి కాదు, తీసి చూడడానికి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల వైపు ఊక దుమ్ము ఎట్లుంటుందో నీకు చెప్పాల్సిన పని లేదు.

ఈ పట్టికను గూగుల్ షీట్స్‌లో పెట్టి నాన్నతో, తమ్మునితో షేర్ చెయ్యి. "తర్వాత తేదీ" చేత్తో రాయకు, మొదటి నిలువు వరుస A అనుకుంటే E2లో, F2లో ఇవి వెయ్యి (ఆయిల్ వరుసకు 12 నెలలు, 10,000 కి.మీ.):

```
=EDATE(A2,12)
=B2+10000
```

ఇక్కడే మనవాళ్లకు పెద్ద తలనొప్పి వస్తుంది. ఇక్కడ తెరిచిన షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే నెల ముందు, రోజు తర్వాత చదువుతుంది. నాన్న 12-06-2023 అని కొడితే అది డిసెంబర్ 6 అయిపోతుంది, ఎవరికీ తెలియదు కూడా, గడువు ఆరు నెలలు ఆలస్యంగా పడుతుంది. 25-06-2023 అని కొడితే మాత్రం అది తేదీగానే తీసుకోదు, పక్కన `#VALUE!` అని వస్తుంది, అట్లా వస్తే సంతోషించాలి, తప్పు దొరికినట్టే. కాబట్టి ఒక్క వరుస కూడా రాయకముందే `File` లో `Settings` కు పోయి `Locale` దగ్గర `India` పెట్టు.

గడువు దగ్గరపడితే వరుస ఎర్రగా మారేలా కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఈ ఫార్ములా వేసుకో:

```
=AND($E2<>"",$E2<=TODAY()+30)
```

మొదటి భాగం తీసేయకు, అది లేకపోతే ఖాళీ గడులు కూడా ఎర్రబడతాయి. పని మళ్లీ చేయించాక కొత్త వరుస రాసి, పాత వరుసలో E, F గడులు ఖాళీ చెయ్యి. తేదీ, కి.మీ., ఖర్చు మాత్రం ముట్టకు, రేపు కారు అమ్మేటప్పుడు చూపించాల్సింది అవే.

కిలోమీటర్ల కోసం నెల మొదట్లో నాన్నను వాట్సాప్‌లో మీటర్ ఫోటో పంపమను, ఆ ఫోటోలోని అంకెతో F నిలువు వరుసను ఒకసారి కంటితో పోల్చుకుంటే చాలు. కారు సర్వీస్‌కు ఇచ్చినప్పుడు ఇచ్చేముందు ఒకటి, తీసుకున్నాక ఒకటి పంపమను. బిల్లులో "జనరల్ సర్వీస్" అని ఒకే మాట ఉంటే డబ్బులు కట్టకముందే ఏ ఆయిల్, ఎన్ని లీటర్లు, ఏ ఫిల్టర్ మార్చారో విడిగా రాయించుకోమని చెప్పు. ఆ వివరం లేకపోతే పట్టికలో ఏ పనికి వరుస రాయాలో నీకే తెలియదు.