మూడు పేరాలు వద్దమ్మలూ, ఒక కుర్రాణ్ని తీసుకో

అమ్మలూ,

శిక్ష ఎందుకు వెయ్యాలో చెప్పే మూడు సిద్ధాంతాల్ని పోల్చమన్న ప్రశ్నకి నువ్వు పంపిన జవాబు నిన్న సాయంత్రం బీచ్ రోడ్డులో కూర్చుని ఫోన్లోనే చదివాను, చత్వారంతో కుదరక ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివాను. అందులో తప్పంటూ ఏమీ లేదు, చిక్కల్లా అక్కడే ఉంది. తప్పుకి తగిన శిక్ష పడాలనే రిట్రిబ్యూషన్ అంటే ఇది అని ఒక పేరా, శిక్ష భయంతో నేరాల్ని ఆపాలనే డిటరెన్స్ మీద ఒకటి, నేరస్థుణ్ని బాగుచెయ్యాలనే రిహాబిలిటేషన్ మీద ఒకటి రాసి, చివర్న "మూడింటి మేళవింపే మంచిది" అని ముగించావు. ప్రశ్నలో "పోల్చండి" అని అడిగితే నువ్వు పక్కపక్కన కూర్చోబెట్టి వదిలేశావు. అవి ఎక్కడ కొట్టుకుంటాయో చూపిస్తేనే కదా పోల్చినట్టు.

నేను లా చెప్పే మేష్టారిని కాదు, ప్రాసిక్యూషన్ వైపు నిలబడి వాదించినవాణ్ని, కాబట్టి నాకు తెలిసిన పద్ధతే చెబుతాను. ఒక్క కేసు తీసుకో, దాన్ని జవాబు చివరిదాకా వదలకు.

ఒక కుర్రాడున్నాడు అనుకో. ఇరవై ఏళ్లు, ఫిషింగ్ హార్బర్లో ఐస్ మోసే పని, అదీ రోజూ దొరకదు. ఒక సాయంత్రం వాకింగ్ చేస్తున్న ఆవిడ చేతిలోంచి పద్నాలుగు వేల ఫోన్ లాక్కుని పరిగెత్తాడు. ఇంతకు ముందు ఏ కేసూ లేదు, ఆవిడకి దెబ్బ తగల్లేదు, ఫోన్ మాత్రం అమ్మేసుకున్నాడు. మా రోజుల్లో ఇలాంటిదానికి వేరే సెక్షన్ ఉండేది కాదు, దొంగతనమో దోపిడీయో ఏదో ఒకదాని కింద పెట్టేవాళ్లు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 304వ సెక్షన్ స్నాచింగ్‌కే ఉంది, మూడేళ్ల దాకా జైలు, జరిమానా. అంటే మేజిస్ట్రేట్ చేతిలో సున్నా నుంచి మూడేళ్ల వరకు జాగా ఉంది. ఆ జాగాలో ఎక్కడ ఆగాలి అన్న దగ్గరే మూడు సిద్ధాంతాలూ విడిపోతాయి.

ఇప్పుడు కేసులో ఒక్కో వాస్తవాన్నీ మార్చి చూడు. ఇదే నేను నీకు చెప్పదలుచుకున్న అసలు సంగతి.

మొదట, ఫోన్ లాక్కునేటప్పుడు ఆవిడ పడిపోయి మణికట్టు విరిగింది అనుకో. కుర్రాడు అదే, అతని బతుకూ అదే, మళ్లీ చేస్తాడా లేదా అన్నదీ దాదాపు అంతే. అయినా శిక్ష పెరగాలని నీకూ నాకూ అనిపిస్తుంది. అలా అనిపించేది రిట్రిబ్యూషన్ వల్ల. అది వెనక్కి చూస్తుంది, ఏం జరిగింది, అందులో ఇతని తప్పెంత అని మాత్రమే అడుగుతుంది. నీ జవాబులో దీన్ని "ప్రతీకారం" అని రాసి కొట్టిపారేశావు, అక్కడే మార్కులు పోతాయి. ప్రతీకారానికి హద్దుండదు, బాధపడినవాడి కోపం చల్లారేదాకా సాగుతుంది. రిట్రిబ్యూషన్ చెప్పేది తప్పుకి తగినంతే, అంతకు మించి ఒక్క రోజు కూడా వద్దని. ఆ పేరాలో జర్మన్ తత్వవేత్త కాంట్‌ని ఒక వాక్యంలో పెట్టు. ఒక ద్వీపంలో జనమంతా సమాజాన్ని రద్దు చేసుకుని తలో దిక్కూ వెళ్లిపోవాలనుకున్నా, జైల్లో మిగిలిన చివరి హంతకుణ్ని ముందు ఉరితీయాల్సిందే అన్నాడాయన 1797లో. ఎవరికీ లాభం లేకపోయినా శిక్ష పడాలన్నది చాలామందికి ఎబ్బెట్టుగా ఉంటుంది. కానీ అదే మనిషి, ఏ మనిషినీ ఇంకొకరి ప్రయోజనానికి పనిముట్టుగా మాత్రమే వాడకూడదనీ అన్నాడు. ఈ రెండో మాట పట్టుకో, కిందకి వెళ్లాక పనికొస్తుంది.

రెండోది. కుర్రాడు చేసింది అదే ఒక్క ఫోన్, ఆవిడకి దెబ్బా లేదు. కానీ ఆ నెలలో బీచ్ రోడ్డు మీద అలాంటివి పది జరిగాయి, పేపర్లన్నీ అవే రాస్తున్నాయి. ప్రాసిక్యూటర్ లేచి "మిగతావాళ్లకి బుద్ధొచ్చేలా మూడేళ్లూ వెయ్యండి" అంటాడు. ఆ ప్రాసిక్యూటర్ని ఎక్కడో వెతకక్కర్లేదమ్మలూ, ఒకప్పుడు నేనే. గొంతు చించుకుని అడిగాను, అడిగినంతా పడింది, ఇంటికొచ్చి అన్నం తిన్నాను. మర్నాడు పొద్దున కోర్టు బయట టీ తాగుతుంటే డిఫెన్స్ వైపు పెద్దాయన పక్కకి పిలిచి, "మిగతా తొమ్మిదీ చేసింది వీడు కాదు కదండీ, ఆ తొమ్మిదింటి బాకీ వీడి చేత కట్టించారేం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తేల్చి చెప్పగలిగే జవాబు ఇప్పటికీ లేదు.

నీ జవాబులో డిటరెన్స్ మీద విమర్శగా పెట్టాల్సింది ఇదే. "మానవ హక్కులకు భంగం" లాంటి గుండ్రటి మాట రాయకు. నేరాలు పెరిగాయన్న కారణంతో ఒకడి శిక్ష పెంచితే, వాడు చెయ్యనిదానికి వాడి రోజులు ఖర్చుపెట్టినట్టు. కాంట్ రెండో మాట ఇక్కడికి సరిగ్గా అతుకుతుంది. అలాగని డిటరెన్స్ వైపు నిలబడ్డ ఇంగ్లండు తత్వవేత్త బెంథామ్‌ని రాక్షసుణ్ని చెయ్యకు. శిక్ష అనేదే ఒక చెడు, అంతకంటే పెద్ద చెడుని ఆపుతుందంటేనే వెయ్యాలి అన్నది ఆయన మాట. దాని ప్రకారం, పనికిరాని శిక్ష ఎంత చిన్నదైనా తప్పే.

పనికొస్తుందా అన్నది కూడా చూడాలి. ఆ కుర్రాడికి 304 అంటే తెలుసా? మూడేళ్లని తెలుసా? వాడు చూసుకునేది రెండే, దగ్గర్లో పోలీసు ఉన్నాడా, సందులోంచి తప్పించుకోగలనా అని. శిక్ష ఎంత పెద్దదన్నదానికంటే ఎంత తప్పనిసరిగా, ఎంత త్వరగా పడుతుందన్నదే జనాన్ని ఆపుతుందని ఇటలీ ఆలోచనాపరుడు బెక్కారియా 1764లోనే రాశాడు. పది మందిలో ఒకడే దొరికే చోట మూడేళ్లని ఆరేళ్లు చేస్తే దొరకని తొమ్మిది మందికి కొత్తగా భయమేమీ రాదు, దొరికినవాడి భారం మాత్రం రెట్టింపవుతుంది. జవాబులో ఈ ఒక్క సంగతి విడమరిచి రాస్తే చాలు, లెక్కలూ సర్వేలూ అక్కర్లేదు.

ఒక పొరపాటు అందరూ చేస్తారు, నువ్వూ చేశావు. "శిక్ష అనుభవించినవాడు మళ్లీ చెయ్యడు, కాబట్టి సంస్కరణ జరిగినట్టే" అని రాశావు. జైలు చేదు గుర్తుండి భయంతో ఆగితే అది కూడా డిటరెన్సే, ఆ ఒక్కడి మీద పనిచేసింది, అంతే. భయం అవసరం లేకుండానే చెయ్యకపోతే రిహాబిలిటేషన్. ఎవరూ చూడని చోట వాడి ముందు ఫోన్ పెట్టావనుకో, అప్పుడు తేడా తెలుస్తుంది.

మూడోది నాకు బాగా ఇష్టమైన మార్పు. వయసు. నేరస్థుణ్ని జైలుకి పంపకుండా షరతుల మీద బయటే ఉంచేందుకు వీలిచ్చే 1958 నాటి ప్రొబేషన్ చట్టంలో 6వ సెక్షన్ ప్రకారం, ఇరవై ఒకటి నిండని వాణ్ని జైలుకి పంపాలంటే యావజ్జీవం దాకా వెళ్లే నేరాలు తప్ప మిగతావాటిలో కోర్టు ముందు ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు తెప్పించుకోవాలి, పంపక తప్పదనుకుంటే కారణాలు రాయాలి. ఈ వయసు నేరం చేసిన రోజుది కాదు, ట్రయల్ కోర్టు వాణ్ని దోషి అని తేల్చి శిక్ష సంగతి చూసే రోజుది. కేసు రెండేళ్లు సాగిందా, కుర్రాడికి ఇరవై రెండొచ్చేస్తాయి, 6వ సెక్షన్ రక్షణ పోతుంది. మంచి నడవడి బాండు మీద వదిలే 4వ సెక్షన్ మిగులుతుంది గానీ అది జడ్జి ఇష్టం. వాయిదాలు పడ్డది వాడి వల్ల కాకపోయినా అంతే. మొదట వింటే అన్యాయంలా ఉంటుంది. రిట్రిబ్యూషన్ కళ్లతో చూస్తే అన్యాయమే, తప్పు చేసిన రోజున వాడి బుద్ధి ఎంత ఎదిగిందన్నదే కదా దానికి ముఖ్యం. కానీ ఆ చట్టం అడిగే ప్రశ్న వేరు. ఇప్పుడు నా ముందు నిలబడ్డ ఈ మనిషిని ఎలా బాగుచెయ్యాలి, పాత నేరస్థుల మధ్య పడేస్తే ఏమవుతాడు అని అడుగుతుంది, అందుకే ఈ రోజు వయసు చూస్తుంది. ఒకే తేదీ విషయంలో రెండు సిద్ధాంతాలు ఎలా విడిపోయాయో చూడు.

రిహాబిలిటేషన్ గురించి అంతా తియ్యగా రాసేశావు. దానికీ ఒక చేదు ఉంది. బాగుపడేదాకా ఉంచుదాం అంటే ఎప్పటిదాకా? అమెరికాలో కాలిఫోర్నియా చాలాకాలం అలాగే నడిపింది, కోర్టు గడువు గట్టిగా చెప్పేది కాదు, ఖైదీ మారాడని బోర్డు నమ్మితే వదిలేది. ఎప్పుడు వదులుతారో తెలియక ఖైదీలు మారినట్టు నటించడం నేర్చుకున్నారు, ఒకే నేరానికి ఒకడు రెండేళ్లకి బయటికొస్తే ఇంకొకడు చాలా ఏళ్లు లోపలే ఉండిపోయేవాడు. 1976లో ఆ పద్ధతి తీసేస్తూ, జైలు ఉద్దేశం శిక్షించడమే అని చట్టంలోనే రాసుకున్నారు. దయతో మొదలైనది హద్దు లేకపోతే ఎక్కడికి పోతుందో చెప్పడానికి ఈ ఉదాహరణ వాడుకో.

ఇక ముగింపు. "మేళవింపు" అన్న మాట కొట్టెయ్, ఎలా మేళవిస్తావో చెప్పు. నార్వల్ మోరిస్ అనే నేరశాస్త్ర పండితుడు చెప్పిన దారి నాకు నచ్చుతుంది. తగిన శిక్ష ఇన్ని నెలలని రిట్రిబ్యూషన్ కచ్చితంగా చెప్పలేదు. ఫోన్ లాక్కోవడానికి ఆరు నెలలా తొమ్మిదా అంటే ఎవరి దగ్గరా తక్కెడ లేదు. కానీ మూడేళ్లు మరీ ఎక్కువ, ఒక మందలింపుతో వదిలెయ్యడం మరీ తక్కువ అని చెప్పగలదు. అలా పైహద్దూ కిందిహద్దూ అది గీస్తే, ఆ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో మిగతా రెండూ చెబుతాయి.

మన కుర్రాడికి నేనైతే ఇలా రాస్తాను. 4వ సెక్షన్ కింద బాండు మీద వదలాలి, ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణ ఉండాలి, 5వ సెక్షన్ కింద ఆవిడకి ఫోన్ నష్టం కట్టాలి. నష్టం కట్టించడంతో తప్పుకి లెక్క తేలుతుంది. బాండు షరతు తప్పితే పిలిపించి అసలు నేరానికే శిక్ష వెయ్యొచ్చు గనక భయం ఉంటుంది. హార్బర్లో పని పోకుండా ఉంటుంది. మణికట్టు విరిగిన కేసయితే మాత్రం నేను దీనికి ఒప్పుకోను, కొన్ని నెలలైనా జైలు పడాలంటాను. ఈ వాక్యం కూడా జవాబులో రాయి, నీ హద్దు ఎక్కడుందో దిద్దేవాళ్లకి కనబడాలి.

ఒక తీర్పు కావాలంటే 1977 నాటి గియాసుద్దీన్ కేసు పెట్టు, మన ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకి వెళ్లిందే. ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు తీసుకున్న మోసం. జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు నిండా సంస్కరణ గురించే రాశారు, జైల్లో బుర్రకి పనిచెప్పే పని ఇవ్వమన్నారు, మూడేళ్ల శిక్షని పద్దెనిమిది నెలలకి తగ్గించారు. సున్నా చెయ్యలేదు, చూశావా? ఆ పద్దెనిమిది నెలలు ఏ సిద్ధాంతం కోసం మిగిల్చారో నీ మాటల్లో నాలుగు వాక్యాలు రాసి, మిగతాదంతా తిరగరాసి ఆదివారం పట్టుకురా. ఈసారి కాగితం మీద తే, ఫోన్లో నా వల్ల కాదు. మీ అత్త పనసపొట్టు కూర చేస్తానంటోంది.

మావయ్య