ఏడాది నిండిన బిడ్డకు పాలు: ఎంత వరకు?

అమెరికాకు కొత్తగా వచ్చిన ఒక తల్లి తన పద్నాలుగు నెలల బాబు గురించి అడిగారు. పుట్టినరోజు కాగానే డబ్బా పాలు మానిపించి ఆవు పాలు మొదలుపెట్టారట. రోజుకు ఎనిమిది ఔన్సుల సీసాలు నాలుగు తాగుతాడు, అన్నం మాత్రం రెండు ముద్దలకు మించి తినడు. బరువు బాగానే ఉంది కదా, భయమెందుకని ఆమె సందేహం.

బరువే ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది. ముప్పై రెండు ఔన్సుల హోల్ మిల్క్‌లో దాదాపు 600 కేలరీలుంటాయి. ఆ వయసు బిడ్డకు రోజు మొత్తానికి కావలసింది సుమారు 900 మాత్రమే. కడుపు మూడింట రెండు వంతులు పాలతోనే నిండితే పప్పు, గుడ్డు, మాంసం తినే ఆకలి ఎక్కడ మిగులుతుంది? బిడ్డ బొద్దుగా ఉంటూనే రక్తహీనుడవుతాడు.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. ఇక్కడి డబ్బా పాలలో లీటరుకు సుమారు 12 మిల్లీగ్రాముల ఇనుము కలుపుతారు. ఆవు పాలలో అది ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఈ వయసుకు రోజుకు కావలసింది 7 మిల్లీగ్రాములు. అంటే సీసా మారిన రోజునే, పైకి ఏ తేడా కనిపించకుండా, ఇనుము వచ్చే దారి మూసుకుపోయింది. పైగా పాలలోని కాల్షియం, కేసీన్ అనే మాంసకృత్తు ఆహారంలోని ఇనుమును కూడా ఒంటబట్టనివ్వవు.

అందువల్ల పాలు రోజుకు 16 ఔన్సులకు తగ్గించండి, 24 దాటనివ్వకండి. పెరుగన్నంలోని పెరుగునూ ఈ లెక్కలోనే చేర్చండి. మనవాళ్లు మరచిపోయేది అదే. ముందుగా నిద్రపుచ్చే సీసాను, తరువాత భోజనానికి ముందు ఇచ్చేదాన్ని మానిపించి, మిగిలిన పాలను తిన్న తరువాత కప్పులో ఇవ్వండి. మూడు నాలుగు రోజులు ఏడుస్తాడు. మా అమ్మాయి వారం ఏడ్చింది. ఆకలి తిరిగి వచ్చాక మెత్తగా ఉడికిన కోడిమాంసం, కీమా, గుడ్డు పెట్టండి. శాకాహారులైతే పప్పులో టమాటా వేయండి, లేదా దించాక నిమ్మరసం పిండండి, ఎందుకంటే వాటిలోని విటమిన్ సి పప్పులోని ఇనుమును ఒంటబట్టేలా చేస్తుంది. పాలకూర మీద ఆశ పెట్టుకోకండి, దానిలోని ఇనుము అంతగా ఒంటబట్టదు.

ఏడాది పరీక్షలో హిమోగ్లోబిన్ చూసి ఉంటారు, కానీ అది పాలు మార్చక ముందటి లెక్క. పెదవులు, కనురెప్పల లోపలి భాగం పాలిపోయినా, మట్టి, కాగితం, ఐసు వంటివి నోట్లో పెట్టుకుంటున్నా మళ్లీ పరీక్ష అడగండి. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువైతే రక్తహీనతే. అంతకు పైన ఉన్నా శరీరంలోని ఇనుము నిల్వలు తగ్గి ఉండవచ్చు కనుక ఫెరిటిన్ కూడా చూడమనండి. ఐరన్ చుక్కలు సొంతంగా కొని వేయకండి, మోతాదు మించితే ప్రాణాపాయం. డాక్టరు రాస్తే వాటిని పాలతో కలిపి ఇవ్వకండి. విరేచనం నల్లగా రావడం మందు వల్లే కనుక కంగారు పడనక్కరలేదు.