ముందు ఆ గీత గీయించండి

ప్రశ్న: సార్, మా బాబు ఎనిమిదో తరగతి, ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్. 0.3, −0.35, 3×10⁻², −0.4, −4.5×10⁻² ఇచ్చి ఆరోహణ క్రమంలో రాయమంటే −4.5×10⁻², 3×10⁻², −0.35, −0.4, 0.3 అని రాశాడు. వీడికి లెక్కలు పడవేమోనని టెన్షన్‌గా ఉంది. ఫౌండేషన్‌లో ఉంచాలా, మామూలు సెక్షన్‌కి మార్చాలా? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: లెక్కలు పడని పిల్లవాడి జవాబు కాదండీ ఇది. సున్నాకి ఎడమవైపు ఎంత దూరం పోతే సంఖ్య అంత చిన్నదవుతుందని బాబుకి తెలుసు. ఈ వరసలో అది స్పష్టంగా కనిపిస్తోంది. తప్పు వేరే రెండు చోట్ల ఉంది.

మొదటిది, 0.35లో 35ని, 0.4లో 4ని చూసి 0.35 పెద్దదనుకున్నాడు. అందుకే −0.35ని ముందు పెట్టాడు. 0.4 అంటే 0.40 అని రాయించండి. 40, 35 పక్కపక్కన కనబడితే −0.40 ఇంకా ఎడమకి పోవాలని వాడే చెబుతాడు.

రెండోది, 10⁻²లో ఘాతాంకం మీద ఉన్న మైనస్‌ని సంఖ్యకే అంటగట్టాడు. 3×10⁻² రుణ సంఖ్య కాదు. 3ని 100తో భాగించమని దాని అర్థం, విలువ 0.03. ఘాతాంకంలోని మైనస్ సంఖ్యని సున్నాకి దగ్గర చేస్తుందే తప్ప సున్నా దాటించదు. ఎడమవైపుకి పంపేది సంఖ్యకి ముందున్న మైనస్ ఒక్కటే. అందుకే −4.5×10⁻² అంటే −0.045. అది ఎడమవైపే ఉంటుంది, కానీ సున్నాని ఆనుకుని ఉంటుంది.

ఇక మార్కుల సంగతి. రుణ సంఖ్యల్లో వరస తిరగబడుతుందని తెలియని ఇంకో పిల్లవాడు కూడా 35 పెద్దది, 4 చిన్నది అనుకుని −0.4, −0.35 అని రాస్తాడు. రెండు తప్పులు కలిసి సరైన జవాబు వచ్చేసింది! ఆప్షన్ దిద్దే టెస్టులో వాడికి పూర్తి మార్కు, మీ బాబుకి సున్నా. ఫౌండేషన్ బ్యాచ్‌ల మీద నాకున్న అనుమానం ఇదే. ఎనిమిదిలోనే ఇంటర్ పాఠాలు మొదలుపెట్టి, వారం వారం ఓఎంఆర్ షీటు దిద్ది ర్యాంకు పంపిస్తారు. ఏ జవాబు ఎలా వచ్చిందో అడిగే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. మీరూ ఫోన్‌కి వచ్చే ర్యాంకు మెసేజ్ చూస్తున్నారు కానీ, వాడి రఫ్ నోటుబుక్కు తెరిచి ఎన్నాళ్లయింది? పడవు, రావు అనే మాట వాడి చెవిన పడకముందే ఆ పుస్తకం తెరవాల్సింది మీరే.

ఈ ఆదివారం ఒక పని చేయించండి. తెల్లకాగితం అడ్డంగా పెట్టి స్కేలుతో 20 సెం.మీ. గీత గీయించండి. మధ్యలో సున్నా, ప్రతి 2 సెం.మీ.కి 0.1. ఎడమ చివర −0.5, కుడి చివర 0.5 వస్తాయి. −0.4 సున్నాకి ఎడమన 8 సెం.మీ. దగ్గర, −0.35 సరిగ్గా 7 దగ్గర పడతాయి. −0.045 ఎడమన 9 మి.మీ., 0.03 కుడిన 6 మి.మీ., 0.3 కుడిన 6 సెం.మీ. దూరంలో ఉంటాయి. చుక్కలు పెట్టాక ఎడమ నుంచి చదవమనండి: −0.4, −0.35, −4.5×10⁻², 3×10⁻², 0.3. మీరు దిద్దక్కర్లేదు, 3×10⁻² ఎందుకు కుడివైపు పెట్టావని మాత్రం అడగండి.

మరీ చిన్న సంఖ్యలకి ఈ గీత పనికిరాదు. ఎర్ర రక్తకణం దాదాపు 7×10⁻⁶ మీటర్లు, ఒక మొక్క కణం 1.275×10⁻⁵ మీటర్లు అనుకుందాం. పై గీత మీద రెండూ సున్నాలోనే కలిసిపోతాయి. అక్కడ ముందు ఘాతాంకాలు చూడాలి. −5 అనేది −6 కంటే పెద్దది కాబట్టి మొక్క కణమే పెద్దది. 7ని చూసి రక్తకణం పెద్దదంటే బాబు ఘాతాంకాన్ని వదిలేశాడన్నమాట. అయితే రెండూ ధన సంఖ్యలై, ముందున్న సంఖ్య 1కి తగ్గకుండా, 10 కంటే చిన్నదిగా ఉన్నప్పుడే ఈ పద్ధతి చెల్లుతుంది. రెండూ రుణ సంఖ్యలైతే వరస తిరగబడుతుంది: −2×10⁻³ కంటే −9×10⁻⁴ పెద్దది.

సెక్షన్ మార్చడం గురించి ఇప్పుడే తేల్చకండి. నెలపాటు వారానికి రెండుసార్లు ఇలాంటి ఐదేసి సంఖ్యలు ఇచ్చి గీత మీద పెట్టించండి. చుక్క ఎందుకు అక్కడ పెట్టాడో తడబడకుండా చెబుతుంటే ఏ సెక్షన్ అయినా ఫర్వాలేదు. ఇంతపాటి కూర్చునే సమయం కూడా ఫౌండేషన్ హోంవర్క్ మిగల్చకపోతే, మామూలు సెక్షన్‌కి మార్చేయండి.